టీవీలో ఆడని సాక్ష్యం

ఇరవై ఏళ్ళు పెళ్ళి వీడియోలు తీసినవాడికి ఒక రోగం అంటుకుంటుంది. ఎవరేది అడిగినా పెన్‌డ్రైవ్‌లో వేసి చేతిలో పెట్టేస్తాడు. నాకూ అదే అంటుకుంది. పెళ్ళిళ్ళలో డ్రోన్లు ఎగరేసే కుర్రాళ్ళు వచ్చాక నన్ను పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. నేను సీసీ కెమెరాలు బిగించే పనిలోకి దిగాను. మాది ఎమ్మిగనూరు. మగ్గాల ఇల్లు. పని మాత్రం ఎక్కువగా ఆదోనిలో దొరికేది. పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం తిరిగి రావడం, మధ్యలో నిచ్చెనలెక్కడం. అదీ నా ఉద్యోగం.

ఆదోనిలో ఒక పత్తి మండీ ఉంది. పేరు చెప్పను. చెబితే షావుకారు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి తిట్టగలడు. అక్కడ ఆరు కెమెరాలు నేనే పెట్టాను. పెట్టిన రోజు షావుకారు ముందు గొప్పలు పోయాను కూడా. మామూలుగా అందరూ హెచ్ 264 పద్ధతిలో రికార్డు చేస్తారని, నేను కొత్తదైన హెచ్ 265 పెట్టానని, అదే హార్డ్‌డిస్కులో రెట్టింపు రోజులు నిలవుంటాయని చెప్పాను. షావుకారుకు అర్థమైంది రెట్టింపు అన్న మాటొక్కటే. అది చాలు, ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆ మండీ షెడ్డులో ఊడ్చుకునే ఆడవాళ్ళు కొందరున్నారు. రైతు తెచ్చిన పత్తిని పట్ట మీద, అంటే నేల మీద పరిచిన పెద్ద గుడ్డ మీద, కుప్ప పోస్తారు. కాటా అయిపోయాక రైతు ఆ పట్టను మూడుసార్లు దులుపుతాడు. మూడో దులుపు దాకా పడిందంతా రైతుది. ఆ తర్వాత నేల మీద మిగిలింది ఊడ్చుకునే మనిషిది. ఇది ఎవరూ రాయని చట్టం. కానీ రాసిన చట్టాల కంటే గట్టిగా నడుస్తుంది. షెడ్డులో ఒక్కో స్తంభం కింది నేల ఒక్కొక్కరిది. అత్త నుంచి కోడలికి వస్తుంది. దులపకముందే చీపురు పెడితే దొంగతనం. దొంగ అని తేలితే స్తంభం ఇంకొకరికి పోతుంది, అంతే.

హొళగుంద వైపు నుంచి వచ్చే ఒకామె ఉండేది. నలభై ఏళ్ళుంటాయేమో. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడేది, అదీ తక్కువ. ఒక బుధవారం మండీ గుమాస్తా ఆమె మీద నింద వేశాడు. చిప్పగిరి నుంచి వచ్చిన ఒక రైతు కుప్పలోంచి, పట్ట దులపకముందే పత్తి లాగిందని. రైతు అప్పటికే బండెక్కి వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే, నేనటు చూడలేదు అన్నాడట. ఆమె మాత్రం ఒకటే మాట చెప్పింది, మూడుసార్లు దులిపినాకే ఊడ్చినాను అని. షావుకారు తీర్పు కూడా ఒకటే మాట. కెమెరాలో చూద్దాం, శనివారం లోపల తేలకపోతే సోమవారం నుంచి ఆ స్తంభం వేరే మనిషికి. అందాకా ఆమె షెడ్డులోకి రాకూడదు.

హమాలీల మేస్త్రి ఇంకో షరతు పెట్టాడు. ఆయన మాటంటే షెడ్డులో అందరికీ గురి. ఎవరో ఒకరు గదిలో కూర్చుని చూసి చెబితే ఒప్పుకోం, షెడ్డులో తగిలించిన టీవీలో వెయ్యాలి, అందరం చూడాలి. ఆ టీవీ మామూలుగా పత్తి రేట్లకూ, క్రికెట్‌కూ. చాలా ఏళ్ళ కిందటిది. న్యాయమైన షరతే. కబురు నాకు వచ్చింది. నా రోగం నాకుంది కదా, కెమెరాలు చూసిందంతా రాసిపెట్టుకునే డీవీఆర్ పెట్టె ఉన్న మేడగదికి ఎక్కి, బుధవారం నాటి అరగంట వీడియోను పెన్‌డ్రైవ్‌లోకి దించి, గురువారం మధ్యాహ్నం దర్జాగా షెడ్డులోకి దిగాను.

పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాను. తెర మీద ఏమీ లేదు. ఖాళీ ఫోల్డరు.

ఒక్కసారి ఊహించుకోండి. ముప్పై నలభై మంది పని ఆపి నిలబడి ఉన్నారు. ఆమె షెడ్డు బయట గేటు దగ్గర నిలబడి ఉంది, లోపలికి రాకూడదు కాబట్టి. గుమాస్తా నెమ్మదిగా, ఎవరికీ చెప్పనట్టుగా, అందరికీ వినపడేట్టు అన్నాడు: "ఏమీ లేదు గదప్పా అందులో."

నాకు కోపం నషాళానికి అంటింది. నిజానికి ఫైలు ఉంది. డీవీఆర్ కంపెనీ వాళ్ళు వీడియోను అందరిలాగా ఎంపీ4 డబ్బాలో పెట్టరు, వాళ్ళ సొంత డబ్బాలో పెడతారు. పేరు చివర వాళ్ళ సొంత అక్షరాలుంటాయి. టీవీ ఆ చివరి అక్షరాలు చూసి, ఇది నాకు తెలిసినది కాదని జాబితాలోనే చూపించదు. లేదనుకుంటాం. ఉంటుంది. ఇది నాకు తెలుసు. తెలిసీ నేను చేసిన పని చూడండి. షావుకారు కంప్యూటర్లో పెట్టి, ఆ చివరి అక్షరాలు కొట్టేసి, ఎంపీ4 అని రాశాను. నలభై మంది చూస్తుంటే మనిషికి బుద్ధి మోకాళ్ళలోకి జారుతుంది.

ఈసారి ఫైలు జాబితాలో కనపడింది. అందరూ ఒకడుగు ముందుకు వచ్చారు. నొక్కాను. ఈ ఫైలును ఆడించలేము అని ఇంగ్లీషులో వచ్చింది. గుమాస్తా అక్షరమక్షరం చదివి తెలుగులో చెప్పి, నేను ఫైలును చెడగొట్టానని తేల్చేశాడు. మేడ మీద అసలుది భద్రంగా ఉందని నేను అంటూనే ఉన్నాను. ఎవరూ వినలేదు. గేటు దగ్గర ఆమె ఇంకా టీవీ వైపే చూస్తోంది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

సాయంత్రం బస్సులో ఎమ్మిగనూరు చేరేదాకా గుమాస్తాను మనసులో తిట్టుకున్నాను. ఇంట్లో నా భార్య మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. జరిగింది చెప్పాను. ఆమెకు ఎంపీ4 తెలియదు, హెచ్ 265 తెలియదు. చేయి ఆపకుండానే అంది: "కందిపప్పు డబ్బా మీద బియ్యం అని రాస్తే లోపల బియ్యమవుతాయా?"

ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నది నేను. డబ్బా సంగతి కండె చుట్టే మనిషి నాకు చెప్పాల్సి వచ్చింది. కంటైనర్ అంటే అచ్చంగా అదే, డబ్బా. బొమ్మలను, శబ్దాన్ని, ఏ క్షణానికి ఏది అన్న లెక్కను కలిపి ఒకచోట పెట్టే డబ్బా. పేరు మారిస్తే డబ్బా మారదు. డబ్బా విప్పి, లోపలున్నదాన్ని చెక్కు చెదరకుండా ఇంకో డబ్బాలోకి దించాలి. దానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరుంది. బొమ్మలను మళ్ళీ కుదించక్కర్లేదు కాబట్టి నిమిషం కూడా పట్టదు. బాగుపడ్డ బుద్ధితో ఆ పని చేశాను. నిజమైన ఎంపీ4 తయారైంది. నా ఫోన్లో వేస్తే అద్దంలా ఆడింది. పట్ట కనపడింది, కుప్ప కనపడింది, ఆమె చీపురు కనపడింది. పూర్తిగా చూడలేదు. రేపు అందరితో కలిసి చూడాలని ఆపేశాను. అంత నిజాయితీపరుణ్ణి.

శుక్రవారం మళ్ళీ షెడ్డు, మళ్ళీ ఆ నలభై మంది. టీవీ ఫైలును చూపించింది. నొక్కితే మొదలైంది కూడా. శబ్దం వచ్చింది. బొమ్మ రాలేదు. తెర నల్లగా ఉంది.

కాటా దగ్గర పలికే తూకాలు వినపడాలని షావుకారు అడిగితే ఆ కెమెరాకు మైకు ఉన్నది పెట్టాను. ఇప్పుడు నల్ల తెరలోంచి బుధవారం మాట్లాడుతోంది. తూకాలు పలకడం, ఎవరో దగ్గడం, లారీ హారన్. ఒక హమాలీ తన గొంతు తానే గుర్తుపట్టి మురిసిపోయాడు. ఆ వెంటనే మేస్త్రి షావుకారును తిట్టిన తిట్టు ఒకటి స్పష్టంగా వినపడింది. షావుకారు టీవీ వంకే చూస్తూ నిలబడ్డాడు. మేస్త్రి నా వంక చూశాడు. ఆ చూపుకు నేను టీవీ ఆపేశాను.

డబ్బా సరిగానే ఉంది. చిక్కు లోపలిది. బొమ్మలను ఉన్నవున్నట్టు దాచితే హార్డ్‌డిస్కు ఒక్క పూటకు నిండిపోతుంది. అందుకని ఒక పద్ధతి ప్రకారం కుదించి రాస్తారు. ఆ పద్ధతే కోడెక్. ఏ పద్ధతిలో రాశారో ఆ పద్ధతి తెలిసినవాడే విప్పి చదవగలడు. శబ్దం రాసిన పద్ధతి ఆ పాత టీవీకి తెలుసు, వినిపించింది. బొమ్మలు రాసిన హెచ్ 265 దానికి తెలియదు. ఆ టీవీ పుట్టినప్పుడు దాని లోపలి చిప్‌కు ఆ చదువు చెప్పలేదు, ఇప్పుడు చెప్పడానికీ లేదు. నా ఫోను కొత్తది కాబట్టి దానికి తెలుసు. ఇక ఆ హెచ్ 265 పెట్టిన మహానుభావుడెవరు? నేనే. రెట్టింపు రోజులు నిలవుంటాయని చెప్పానా, నిలవున్నాయి. కానీ ఎవరికీ కనపడవు.

షావుకారు తన ఫోన్లో చూస్తానన్నాడు. అది పాత ఫోను. దాంతోపాటు వచ్చిన ప్లేయర్లో వేస్తే అక్కడా నల్లతెరే. ఆ ప్లేయరు ఫోను చిప్ మీదే ఆధారపడుతుంది. చిప్‌కు రానిది దానికీ రాదు. ఇంకో ప్లేయరు ఎక్కించాను. అది చిప్ సాయం లేకుండా తానే లెక్క కట్టి విప్పుకుంటుంది. బొమ్మ వచ్చింది. కాకపోతే ఫోను పాపం ఆ లెక్కలకు అలసిపోయి, బొమ్మ ఆగి ఆగి నడిచింది. అదే ఫైలు, అదే ఫోను, ప్లేయరు మారితే ఆడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పట్ట దులిపే చోటు దాకా రాకముందే మేస్త్రి అడ్డుపడ్డాడు. అరచేయంత తెరలో అంతమంది ఏం చూస్తారు, టీవీలోనే వెయ్యాలి అన్నాడు. తిట్టు బయటపడ్డాక మనిషి ఇంకా బిగుసుకున్నాడు.

అప్పుడు గుమాస్తా ఒక ఉపాయం చెప్పాడు. అందరి ఫోన్లకూ వాట్సాప్‌లో పంపితే సరిపాయె గదా అని. నాకు అప్పుడైనా నోరు పెగలాల్సింది. పెగల్లేదు. గుమాస్తా చెప్పిన వేళకు పడే రెండు నిమిషాల ముక్క కోసి పంపించాను. వాట్సాప్ ఏం చేస్తుందంటే, దాన్ని విప్పి, అందరి ఫోన్లకూ తెలిసిన పాత హెచ్ 264లో మళ్ళీ కుదిస్తుంది. త్వరగా పోవాలని బాగా నలిపేస్తుంది. అందుకే ఎక్కడైనా ఆడుతుంది. ఆడింది కూడా, ప్రతి ఫోన్లోనూ. ఎక్కడైనా ఆడుతుంది, ఏమీ కనపడదు.

తెల్ల పత్తి, వెలిసిపోయిన తెల్ల పట్ట, సిమెంటు నేల. నలిగిన బొమ్మలో మూడూ కలిసి ఒకే తెల్లటి ముద్ద అయ్యాయి. ఆ ముద్ద పక్కన వంగిన మనిషి. పట్ట ఉందా తీసేశారా, అది కుప్పా నేలా, ఎవడికి ఏది కావాలంటే అది కనపడింది. సాయంత్రానికి సగం షెడ్డు ఆమె కుప్పలో చెయ్యి పెట్టిందని కళ్ళారా చూసింది. అందాకా గుమాస్తా ఒక్కడి మాట. ఇప్పుడు ఇరవై మంది సాక్షులు. ఆ సాక్షులను తయారుచేసింది నేను. గేటు దాటుతుంటే ఆమె ముఖం చూడలేక చెప్పులు చూసుకుంటూ నడిచాను. ఆ రాత్రి సరిగా తిండి సయించలేదు. ఇందులో వేళాకోళం లేదు, నిజంగానే సయించలేదు.

శనివారం ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని పోయాను. నా ఆలోచన, అసలు వీడియోను నలపకుండా, నాణ్యత తగ్గకుండా హెచ్ 264లోకి మార్చడం. ఇది డబ్బా మార్చినంత తేలిక కాదు. ప్రతి బొమ్మనూ విప్పి మళ్ళీ రాయాలి. నా ముసలి ల్యాప్‌టాప్‌కు అరగంట వీడియోకు పూట పడుతుంది. పట్టనీ అనుకున్నాను. గుమాస్తా అడ్డం పడ్డాడు. మళ్ళీ రాస్తానంటున్నావు, ఏం రాస్తావో మాకేం తెలుసు, కొత్తగా చేసింది మాకొద్దు, అసలుదే సూపించు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ ఒక్క మాట న్యాయంగానే ఉంది. శత్రువు నోట్లోంచి న్యాయమైన మాట వస్తే దానంత కష్టం ఇంకోటి లేదు. అసలుది టీవీలో ఆడదు, ఆడేది అసలుది కాదు. షావుకారు గడియారం చూసుకుని, ఇంకెందుకు లేప్పా, సోమవారానికి ఎవరినన్నా చూద్దాం అన్నాడు.

గేటు దగ్గర నుంచి ఆమె మూడు రోజుల్లో మొదటిసారి నన్ను పిలిచింది. దగ్గరికి పోయాను. కోపం లేదు, ఏడుపు లేదు. సందేహం అడిగినట్టు అడిగింది.

"అన్నా, అది రాసింది ఏ పెట్టె?"

మేడగదిలో ఉన్న డీవీఆర్ అని చెప్పాను.

"రాసిన పెట్టెకు సదవను రాదా? దాన్నే కిందికి తెచ్చి టీవీకి తగిలిస్తే కాదా?"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. రాసిన పెట్టెకు చదవడం రాకుండా ఎలా ఉంటుంది? డీవీఆర్ తాను రాసిన హెచ్ 265ను తానే విప్పి, విప్పిన బొమ్మను హెచ్‌డీఎంఐ తీగలోంచి బయటికి పంపుతుంది. టీవీకి డబ్బా తెలియక్కర్లేదు, కోడెక్ తెలియక్కర్లేదు, వచ్చిన బొమ్మను తెర మీద పరిస్తే చాలు. మేడగదిలో చిన్న మానిటర్ మీద నేను రోజూ చూసేది అలాగే. అది రెండు చేతుల్లో ఇమిడే పెట్టె. మూడు రోజుల్లో నాకు తట్టలేదు. షావుకారుకు తట్టలేదు. పెన్‌డ్రైవ్, పెన్‌డ్రైవ్ అని కొట్టుకున్నాం. బడి ముఖం చూడని మనిషికి తట్టింది. నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపించింది. అంతమంది ముందు బాగుండదని ఊరుకున్నాను.

పైకి పరుగెత్తాను. డీవీఆర్‌ను పద్ధతిగా ఆపి, కెమెరా తీగలు పీకి, చంటిబిడ్డలా ఎత్తుకుని దిగాను. గుమాస్తా కూడా పక్కకు తప్పుకుని దారిచ్చాడు. ఇంతకంటే అసలుది ఇంకేముంటుంది? తీగ తగిలించి, బుధవారం, ఆ గంట, మూడో కెమెరా ఎంచుకుని నొక్కాను. పెద్ద తెర మీద షెడ్డు తెల్లారినట్టు వచ్చింది.

పత్తి మూటలు కాటా ఎక్కాయి, దిగాయి. చిప్పగిరి రైతు పట్ట రెండు కొసలు పట్టుకున్నాడు. ఒకటి. షెడ్డులో ఎవరో పైకే లెక్కపెట్టారు. రెండు. ఇంకా కొందరు కలిశారు. మూడు అన్నప్పుడు అందరి గొంతూ ఉంది. రైతు పట్ట మడిచి భుజాన వేసుకుని నడిచిపోయాడు. స్తంభం పక్కన ఆమె నిలబడే ఉంది. అతను తెర అంచు దాటాక వంగింది, చీపురు ఆనించింది. ఆ పక్క నుంచే గుమాస్తా నడిచిపోయాడు, ఫోన్ మాట్లాడుకుంటూ, అటు ఒక్కసారి కూడా చూడకుండా. చూడనివాడు చూశానని మూడు రోజులు చెప్పాడన్నమాట.

కళ్ళారా చూసిన ఇరవై మంది తలా ఒక పని గుర్తొచ్చి కదిలారు. గుమాస్తా, అయితే సరే, అని పుస్తకం తెరిచాడు. మేస్త్రి గేటు దాకా పోయి ఆమెను లోపలికి పిలిచాడు. క్షమాపణ అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆమె తన స్తంభం దగ్గరికి పోయి చీపురు అందుకుంది. మూడు రోజుల పత్తి నేల మీద ఉంటుందనుకుందేమో. పక్క స్తంభాలవాళ్ళు ఎప్పుడో ఊడ్చేసుకున్నారు. వట్టి నేల ఉంది. అయినా ఊడ్చింది.

షావుకారు మాత్రం చాలా సంతోషించాడు. కెమెరా ఎంత పనికొచ్చిందో చూశావా అని నన్నే అడిగాడు. ఆ సంతోషంలో ఒక నిర్ణయం తీసుకున్నాడు, ఊడ్చుకునే ఆడవాళ్ళ మీదికే సూటిగా ఇంకో కెమెరా. గుమాస్తా మీదికి పెడితే ఎలా ఉంటుందని నా నాలుక చివర దాకా వచ్చింది. నాలుక చివరే ఆగింది. పని ఇచ్చేవాడితో వాదించే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకూ లేదు. సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

మంగళవారం నిచ్చెన వేసుకుని ఆమె స్తంభమే ఎక్కాను. కెమెరా చూపు సరిగ్గా ఆమె నేల మీదికి తిప్పుతున్నాను. నిచ్చెన కదులుతోంది. చూస్తే కింద ఆమే వచ్చి పట్టుకుని ఉంది. ఆమె మీదికి పెడుతున్న కెమెరాకు ఆమే ఆసరా. ఏదో ఒకటి చెప్పాలని, ఇది నీ మంచికే అక్కా అన్నాను. నాకే నమ్మకం లేని మాట.

ఆమె తల పైకెత్తింది.

"టీవీలో ఆడేట్టు పెట్టన్నా ఈ తూరి. మళ్ళా దొంగ అంటారు గదా, ఇంకో మూడు దినాలు గేటు కాడ నిలబడలేను."

హెచ్ 264 పెట్టి దిగాను.